ఖాళీ స్థలం ఫొటోలో కట్టబోయే భవనం

ఖాళీ స్థలాన్ని ఫొటో తీసి, అక్కడ రాబోయే భవనాన్ని అందులో కూర్చోబెట్టి, కట్టడం పూర్తయ్యాక ఆ చోటు ఎలా కనిపిస్తుందో చూపించే బొమ్మను ఆర్కిటెక్టులు ఫొటోమాంటేజ్ అంటారు. మొత్తం కంప్యూటర్‌లోనే తయారైన బొమ్మలో రోడ్డు వెడల్పు, చెట్ల పచ్చదనం, ఆకాశం రంగు అన్నీ చేసేవారి ఇష్టం. ఫొటోమాంటేజ్‌లో కొత్తగా వచ్చేది భవనం ఒక్కటే. పక్కింటి పిట్టగోడ, కరెంటు స్తంభం, ఎదురుగా ఉన్న వేపచెట్టు నిజమైనవి. వాటి మీద పడ్డ ఎండకూ, వాటి గీతలు పోయే తీరుకూ కొత్త భవనం లోబడాలి. లోబడకపోతే చూసేవారికి కారణం తెలియకపోయినా, ఏదో అతికించినట్టుందని మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఈ ఆలోచన ఫొటోగ్రఫీ కంటే పాతది. ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర హంఫ్రీ రెప్టన్ అనే ఉద్యాన శిల్పి తన ఖాతాదారుల కోసం ఎర్ర అట్టల పుస్తకాలు తయారుచేసేవాడు. అందులో నీటిరంగుల చిత్రం మీద ఒక కాగితపు రెక్క ఉండేది. రెక్క మూసి ఉంటే తోట ఇప్పుడున్న స్థితి, తెరిస్తే తాను మార్చబోయే రూపం కనిపించేవి. 1921లో బెర్లిన్‌లోని ఫ్రీడ్రిక్‌స్ట్రాసె వీధిలో ఒక ఆకాశహర్మ్యం కోసం జరిగిన పోటీకి ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో ఆ వీధి ఫొటో మీదే తన గాజు భవనాన్ని బొగ్గుతో గీశాడు. ఆ భవనం కట్టలేదు. బొమ్మ మాత్రం ఆధునిక వాస్తుకళ చరిత్రలో నిలిచిపోయింది. చేతితో చేసిన ఆ పనినే ఇప్పుడు 3డి మోడల్, రెండరింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాయి. అయితే సాఫ్ట్‌వేర్‌కు చెప్పాల్సిన సంగతులు అప్పటివే: చూసే కన్ను ఎక్కడుంది, వెలుగు ఎటు నుంచి వస్తోంది.

దీన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. హైదరాబాద్‌లో ఉత్తర దక్షిణాలుగా సాగే 60 అడుగుల రోడ్డుకు పడమటి పక్కన తూర్పు ముఖం స్థలం ఉందనుకుందాం. అందులో పిట్టగోడతో కలిపి 15 మీటర్ల ఎత్తున, రోడ్డు వెంట 18 మీటర్ల పొడవున ఒక అపార్టుమెంటు రావాలి. దానికి ఉత్తరాన ఒక ఖాళీ ప్లాటు ఉంది. తారీఖు నవంబరు 3, ఉదయం 9 గంటలు.

ముందు తేల్చుకోవాల్సింది కెమెరా నిలబెట్టే చోటు. పర్‌స్పెక్టివ్‌ను, అంటే దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించే నిష్పత్తిని లెన్సు నిర్ణయిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని నిర్ణయించేది కెమెరా ఉన్న చోటు మాత్రమే. లెన్సు మారిస్తే ఆ దృశ్యంలో ఎంత భాగం ఫ్రేములోకి వస్తుందన్నదే మారుతుంది. అందుకే కెమెరా నిలబడ్డ చోటును సైటు ప్లాన్ మీద గుర్తించుకోవడం మిగతా పనులన్నిటికంటే ముఖ్యం. మన ఉదాహరణలో కెమెరా రోడ్డుకు తూర్పు అంచున, రాబోయే భవనం ఈశాన్య మూలకు 30 మీటర్ల దూరంలో, ఆ మూలనే చూస్తూ నైరుతి వైపు తిరిగి ఉంది. లెన్సు నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో, దాదాపు నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉంది. ఇక్కడి నుంచి భవనం తూర్పు గోడ ఎడమకు, ఉత్తరపు గోడ కుడికి వాలుగా కనిపిస్తాయి. తొమ్మిది గంటల ఎండ ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి తూర్పు గోడ వెలుగులో, ఉత్తరపు గోడ నీడలో ఉంటాయి. ఒక ముఖం ఎండలో, ఒకటి నీడలో ఉంటేనే భవనం ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉన్నప్పుడు తీసిన ఫొటోలో రెండు గోడలూ ఒకేలా వెలిగి, భవనం అట్టముక్కలా చదునుగా ఉంటుంది.

కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, స్పిరిట్ లెవల్ చూసి మట్టంగా ఉంచాలి. భవనం పైభాగం అందడం లేదని కెమెరాను పైకి ఎత్తితే నిలువు గీతలన్నీ పైకి పోతూ దగ్గరవుతాయి. దాన్ని కూడా లెక్కకట్టి సరిపెట్టవచ్చు గానీ, మట్టంగా తీసిన ఫొటోలో నిలువు గీతలు నిలువుగానే ఉండి పని సులువవుతుంది. ఇక్కడ 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సార్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 మిల్లీమీటర్ల లెన్సు వాడారనుకుందాం. ఫొటో పరిమాణం 6000 × 4000 పిక్సెళ్లు. ఫొటో తీసే ముందే స్థలం మూలల్లో కర్రలు పాతి, ఈశాన్య మూల దగ్గర రెండు మీటర్ల కొలబద్దను నిలబెట్టించి ఒక షాట్, తీసేసి మరో షాట్ తీసుకోవాలి. ఆ కొలబద్ద తర్వాత సాక్ష్యమవుతుంది. కెమెరా ఎత్తు, చోటు, తారీఖు, నిమిషాలతో సహా సమయం అక్కడికక్కడే రాసుకోవాలి. ఈ ఐదు నిమిషాల పని చేయనివారు తర్వాత రోజంతా అంచనాలతో కుస్తీ పడతారు.

ఇక కంప్యూటర్ దగ్గర మొదటి పని, అసలు కెమెరా ఎక్కడుందో సరిగ్గా అక్కడే 3డి మోడల్‌లో ఒక ఉత్త కెమెరాను ఉంచడం. దీనికి క్షితిజరేఖ ఆధారం. కెమెరా మట్టంగా ఉంటే ఆ రేఖ ఫొటోను అడ్డంగా సగానికి కోస్తుంది. అంటే పై నుంచి 2000వ పిక్సెల్ వరస. సమతలంగా ఉన్న నేల మీద, కెమెరా ఎత్తులో ఉన్న ప్రతిదీ ఎంత దూరంలో ఉన్నా ఈ రేఖ మీదే పడుతుంది. రోడ్డు మీద నిలబడ్డ సగటు ఎత్తు మనుషుల కళ్లన్నీ, వారు దగ్గరున్నా దూరమున్నా, ఇంచుమించు అదే గీత మీద ఉంటాయి. కొత్త భవనం తలుపు ముందు అతికించిన మనిషి తల ఈ గీతకు చాలా పైనో కిందో ఉంటే ఆ మనిషి రాక్షసుడైనా కావాలి, గోతిలోనైనా ఉండాలి. చౌకగా చేసిన బొమ్మల్లో అన్నిటికంటే తరచుగా దొరికే తప్పు ఇదే.

రెండో ఆధారం గీతలు కలిసే బిందువులు. నిజంలో సమాంతరంగా ఉండే గీతలు, అంటే రోడ్డు అంచు, పక్కింటి స్లాబు అంచులు, కిటికీల పైవరసలు ఫొటోలో దూరం పోతూ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. దక్షిణం వైపు పోయే గీతలన్నీ ఎడమన ఒక చోట, పడమర వైపు పోయేవన్నీ కుడిన మరొక చోట, రెండూ క్షితిజరేఖ మీదే కలుస్తాయి. మన ఫొటోలో ఆ గీతలను స్కేలుతో పొడిగిస్తే, అవి మధ్య బిందువుకు ఎడమన 4000 పిక్సెళ్ల దూరంలో, కుడిన 4000 పిక్సెళ్ల దూరంలో, అంటే ఫొటో అంచులు దాటి బయట కలుస్తాయి. రెండు దిక్కులూ లంబంగా ఉండి, కెమెరా మట్టంగా ఉంటే ఈ రెండు దూరాలను గుణించి వర్గమూలం తీస్తే ఫోకల్ లెంగ్త్ పిక్సెళ్లలో వస్తుంది:

f = √(a × b) = √(4000 × 4000) = 4000

ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు 36 మిల్లీమీటర్లకు సమానం కనుక, 4000 పిక్సెళ్లు 24 మిల్లీమీటర్లు. లెన్సు మీద రాసి ఉన్నదీ అదే. ఫొటో ఎవరు తీశారో, ఏ లెన్సుతో తీశారో తెలియనప్పుడు కూడా పక్క భవనాల గీతలే ఈ లెక్క చెబుతాయి. స్కెచప్‌లోని మ్యాచ్ ఫొటో, బ్లెండర్ వాడేవారికి ఉచితంగా దొరికే ఎఫ్‌స్పై ఈ పనే చేస్తాయి. వాడేవారు ఫొటో మీద రెండు జతల గీతలను గీతగీతకూ సరిగ్గా పెట్టాలి, మిగతా లెక్క అవి చూసుకుంటాయి. పొట్టి గీతల మీద పెడితే చిన్న తేడా కూడా బిందువును వందల పిక్సెళ్లు జరుపుతుంది. అందుకే వీలైనంత పొడవైన గీతలను ఎంచుకోవాలి.

ఇప్పుడు భవనం ఎంత పెద్దగా కనిపించాలో ఎవరూ ఊహించనక్కర్లేదు. 30 మీటర్ల దూరంలో 15 మీటర్ల మూల ఎత్తు 15 ÷ 30 × 4000, అంటే సరిగ్గా 2000 పిక్సెళ్లు. అందులో 213 పిక్సెళ్లు క్షితిజరేఖకు కింద, 1787 పైన ఉంటాయి. అక్కడే నిలబెట్టిన రెండు మీటర్ల కొలబద్ద 267 పిక్సెళ్లు ఉండాలి. ఉంటే కెమెరా సరిగ్గా కుదిరినట్టే.

తప్పు ఎలా జరుగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫోకల్ లెంగ్త్ 28 మిల్లీమీటర్లని పొరపడ్డారనుకుందాం. దగ్గరి మూల ఫొటోలో సరిపోవడం లేదని కెమెరాను 35 మీటర్లకు వెనక్కి జరిపి సర్దుతారు. మూల ఎత్తు మళ్లీ 2000 పిక్సెళ్లే వస్తుంది, అంతా సరిపోయినట్టే ఉంటుంది. కానీ రోడ్డు వెంట 18 మీటర్లు పోయాక తూర్పు గోడ చివరి మూల 1404 పిక్సెళ్లు ఉండాల్సింది 1467 అవుతుంది. సుమారు అరవై పిక్సెళ్ల ఈ తేడాతో పిట్టగోడ గీత పక్కింటి పిట్టగోడ గీతతో కలవాల్సిన చోట కలవదు. ఒక మూలను మాత్రమే సరిచూసుకుని తృప్తి పడితే ఇలాగే మోసపోతారు. కనీసం మూడు నాలుగు తెలిసిన బిందువులు, కొన్ని దగ్గరివి, కొన్ని దూరానివి, సరిపోవాలి. స్తంభం మొదలు, ప్రహరీ గోడ మూలలు, ఎదురింటి గేటు దీనికి పనికొస్తాయి.

మరో రెండు ఉచ్చులున్నాయి. ఫొటోను ఒక పక్క కత్తిరిస్తే లెన్సు చూసిన అసలు మధ్య బిందువు ఇక ఫొటో మధ్యలో ఉండదు, లెక్కంతా తప్పుతుంది. ఎవరో పంపిన ఫొటో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి కెమెరాలకు మామూలుగా ఉండేది కాకపోతే అది కత్తిరించినదేమోనని అనుమానించాలి. ఇక వైడ్ లెన్సులు అంచుల దగ్గర తిన్నని గీతలను కొద్దిగా వంచుతాయి. 3డి సాఫ్ట్‌వేర్ కెమెరాకు ఆ వంపు తెలియదు. ముందు ఫొటోలోని వంపును సరిచేసి, ఆ తర్వాతే కెమెరాను కుదర్చాలి.

కెమెరా కుదిరాక వెలుగు. ఎండ విషయంలో ఊహకు చోటే లేదు. అక్షాంశం, రేఖాంశం, తారీఖు, సమయం తెలిస్తే సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నాడో లెక్కలో వస్తుంది, దాదాపు అన్ని 3డి సాఫ్ట్‌వేర్లలో ఆ సదుపాయం ఉంది. జాగ్రత్త పడాల్సింది గడియారం దగ్గర. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల దగ్గర ఉంది. నాలుగు డిగ్రీల తేడాకు సూర్యుడు ఇక్కడికి 16 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. దీనికి తోడు భూకక్ష్య వల్ల ఏడాదిలో సూర్యుడి గడియారం ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. నవంబరు మొదట్లో అది 16 నిమిషాలు ముందుంటుంది కాబట్టి రెండూ కొట్టుకుపోయి, హైదరాబాద్‌లో సూర్యుడు మధ్యాహ్నం 12 గంటలకే నడిమింటికి చేరతాడు. అదే ఫిబ్రవరి నడుమ ఆ ఘట్టం 12.30కు వస్తుంది. టైమ్ జోన్ తప్పు పెట్టినా, విదేశీ సమయంతో ఉన్న కెమెరాను నమ్మినా నీడ ఎటో పోతుంది.

నవంబరు 3 ఉదయం 9 గంటలకు లెక్క చూస్తే సూర్యుడు దిగంతం నుంచి 35 డిగ్రీల ఎత్తులో, ఉత్తరం నుంచి తూర్పుగా 123 డిగ్రీల దిక్కున, అంటే ఆగ్నేయంలో ఉంటాడు. అప్పుడు ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు 1.43 రెట్లు పొడవుండి వాయవ్యం వైపు పడుతుంది. ఈ లెక్క నిజమో కాదో ఫొటోలోని కరెంటు స్తంభం చెబుతుంది. 9 మీటర్ల స్తంభానికి నేల మీద సుమారు 13 మీటర్ల నీడ ఉండాలి. ఆ నీడ దిక్కూ, మోడల్‌లో నిలబెట్టిన ఉత్త స్తంభం నీడ దిక్కూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే సూర్యుడు కుదిరినట్టు. ఫొటో సమయం తెలియనప్పుడు ఇదే పనిని తిరగేసి, స్తంభం నీడ నుంచి సూర్యుడి చోటును రాబట్టవచ్చు.

మన 15 మీటర్ల భవనం నీడ 21 మీటర్లకు పైగా సాగుతుంది. దాన్ని దిక్కుల వారీగా విడగొడితే పడమరకు సుమారు 18 మీటర్లు, ఉత్తరానికి 11.7 మీటర్లు. ఉత్తరాన భవనం తన హద్దుకు రెండున్నర మీటర్లు లోపల ఉంటే నీడ హద్దు దాటి పక్క ఖాళీ ప్లాటులో తొమ్మిది మీటర్ల దాకా పోతుంది. అంటే ఫొటోలో ఇప్పుడు ఎండలో మెరుస్తున్న ఆ ప్లాటు నేలలో చాలా భాగాన్ని నీడలోకి తేవాలి. భవనాన్ని అందంగా రెండర్ చేసి అతికించి, పక్క ప్లాటు నేలను ఎండలోనే వదిలేసిన బొమ్మలు ఎన్నో కనిపిస్తాయి. భవనం గాలిలో తేలుతున్నట్టు అనిపించడానికి అదే మొదటి కారణం.

చిన్న నీడలు ఇంకా పట్టిస్తాయి. తూర్పు గోడ మీద 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు ముందుకు వచ్చిన ఛజ్జా ఆ సమయంలో గోడ మీద సుమారు అరమీటరు కిందికి, 40 సెంటీమీటర్లు ఉత్తరానికి జరిగి నీడ వేస్తుంది. పక్కింటికీ అలాంటి ఛజ్జాయే ఉంటే రెండిటి నీడల వాలు ఒకటిగా ఉండాలి. చూసేవారు ఈ కోణాలను కొలవరు. కానీ ఒకే వరసలో ఉన్న రెండు ఇళ్ల కిటికీల కింద నీడలు రెండు రకాలుగా ఉంటే కన్ను ఊరుకోదు.

తెలుగు రాష్ట్రాల్లో పనిచేసేవారు గుర్తుంచుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. మనం కర్కట రేఖకు దక్షిణాన ఉన్నాం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. అప్పుడు ఉత్తరపు గోడకు ఎండ తగులుతుంది, దక్షిణపు గోడ నీడలో ఉంటుంది. మధ్యాహ్నం ఉత్తరపు గోడ ఎప్పుడూ నీడలోనే ఉంటుందన్నది యూరప్ దేశాల వారికి చెల్లే సూత్రం. వారి ట్యుటోరియళ్లు చూసి నేర్చుకున్నవారు జూన్‌లో తీసిన ఫొటోలో ఉత్తరపు గోడను అలవాటుగా చీకటి చేస్తే పక్క భవనమే ఆ తప్పును చూపిస్తుంది.

ఎండ దిక్కు కుదిరితే సరిపోదు, ఎండకూ నీడకూ మధ్య తేడా కూడా కుదరాలి. నీడలో ఉన్న గోడ చీకటిగా ఉండదు. దాని మీద ఆకాశం వెలుగు పడుతుంది, ఎండ తగిలిన నేల నుంచి, ఎదుటి గోడల నుంచి తిరిగొచ్చే వెలుగు పడుతుంది. నిర్మలంగా ఉన్న రోజు ఆకాశం నీలం కనుక నీడలో తెల్ల గోడ కాస్త నీలంగా, దాని మొదలు దగ్గర ఎర్రమట్టి ఉంటే కాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఎంత నీలం, ఎంత ఎరుపు అన్నది ఫొటోలోనే ఉంటుంది. పక్కన ఉన్న ఏదో ఒక తెల్ల గోడ ఎండ భాగాన్ని, నీడ భాగాన్ని కొలిచి, కొత్త భవనంలోని తెల్ల గోడలను ఆ రెండు విలువలకు తెస్తే చాలు.

ఈ కొలతలో ఒక మెలిక ఉంది. ఫొటో ఫైలులోని అంకెలు వెలుగుకు నేరుగా అనుపాతంలో ఉండవు. మామూలు జేపెగ్ ఫొటోలో ఎండ పడ్డ గోడ విలువ 231, నీడ పడ్డ గోడ విలువ 111 అని ఉంటే నీడలో సగం వెలుగు ఉందని అనిపిస్తుంది. నిజానికి అక్కడున్నది ఐదో వంతు వెలుగు. చీకటి భాగాలు కంటికి సరిగా కనిపించేందుకు ఫైలు వాటిని పైకి లేపి దాచుకుంటుంది. రెండరింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం నిజమైన వెలుగుతో లెక్కలు వేస్తుంది. కాబట్టి ఎండకు, ఆకాశానికి మధ్య నిష్పత్తిని ఇచ్చేటప్పుడు సగం కాదు, ఐదో వంతే ఇవ్వాలి. ఈ తేడా తెలియక నీడలను పాలిపోయినట్టు చేయడం, తర్వాత దాన్ని కాంట్రాస్టు పెంచి సరిచేయబోయి రంగులు చెడగొట్టడం మామూలే. ఫొటోను రా ఫార్మాట్‌లో తీయమనడానికి కారణం ఇదే. అందులో వెలుగు విలువలు కెమెరా మెరుగులు దిద్దక ముందటివి ఉంటాయి.

సైటులోని వెలుగు మొత్తాన్ని ఒకేసారి పట్టుకునే పద్ధతి కూడా ఉంది. 1998లో అమెరికన్ పరిశోధకుడు పాల్ డెబెవెక్ ఒక అద్దపు గోళాన్ని స్థలంలో పెట్టి, తక్కువ నుంచి ఎక్కువ దాకా రకరకాల ఎక్స్‌పోజర్లతో ఫొటోలు తీసి, వాటిని కలిపి నాలుగు దిక్కుల నుంచి వచ్చే వెలుగునంతా కొలిచిన చిత్రంగా మార్చే విధానాన్ని ప్రచురించాడు. ఆ చిత్రాన్నే దీపంగా పెట్టి లేని వస్తువును వెలిగిస్తే దానికి ఆ చోటి వెలుగే తగులుతుంది. గాజు ముఖం ఉన్న భవనాలకు ఇది తప్పనిసరి అనవచ్చు. ఎందుకంటే గాజులో ప్రతిబింబించేది కెమెరా వెనక ఉన్న ప్రపంచం, అది ఫొటోలో లేనే లేదు. ఎదురుగా ఉన్న హోర్డింగు, చెట్లు, నీళ్ల ట్యాంకు గాజులో కనిపించాల్సిన చోట ఎక్కడిదో మబ్బుల ఆకాశం కనిపిస్తే భవనం ఆ వీధిది కాదని తెలిసిపోతుంది. మామూలు అపార్టుమెంటుకు మాత్రం సరైన సూర్యుడు, సరైన ఆకాశం నిష్పత్తి, ఎదురు వైపు తీసిన రెండు మూడు ఫొటోలు ఉంటే సరిపోతుంది.

ఇక ఆ నీడను ఫొటోలోకి తేవడం ఎలా? నల్లరంగు పలచగా పూయడం తప్పు. 3డి మోడల్‌లో నేలను, ప్రహరీని, పక్కింటి గోడను సాదా పలకలుగా కట్టి, భవనం లేకుండా ఒకసారి, భవనంతో ఒకసారి రెండర్ చేసి, ప్రతి చోటా వెలుగు ఎన్నో వంతుకు పడిపోయిందో చూస్తారు. ఫొటోలోని నేలను అదే నిష్పత్తితో తగ్గిస్తారు. అప్పుడు నీడలో కూడా అసలు గడ్డి, రాళ్లు, చక్రాల గుర్తులు అలాగే కనిపిస్తాయి, నీడకు ఆకాశపు నీలం కూడా వస్తుంది. సాఫ్ట్‌వేర్లలో షాడో క్యాచర్ అనే ఏర్పాటు ఇందుకే. ఒక చిక్కు మాత్రం మనిషి చూసుకోవాలి. ఖాళీ ప్లాటులో ఒక చెట్టు ఉండి, దాని నీడ అప్పటికే నేల మీద ఉంటే, కొత్త నీడ దాని మీద పడ్డప్పుడు ఆ చోటు రెట్టింపు చీకటి కాకూడదు. ఉన్న సూర్యుడు ఒక్కడే, అతడిని చెట్టు ముందే అడ్డుకుంది. పాత నీడను చెరిపి, రెండూ కలిసిన ఒకే నీడగా చేయాలి.

నీడ అంచు కూడా అంతటా ఒకేలా ఉండదు. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. అందువల్ల నీడ వేసే అంచు ఎంత దూరంలో ఉంటే నీడ అంత మసకబారుతుంది. దూరంలో సుమారు 108వ వంతు మేర మసక వస్తుంది. మన పిట్టగోడ నుంచి దాని నీడ కొసకు కిరణం ప్రయాణించే దూరం 26 మీటర్లు. అక్కడ నేల మీద వాలుగా పడటం వల్ల అంచు 40 సెంటీమీటర్ల దాకా కరిగిపోతుంది. గోడ మొదట్లో మాత్రం నీడ కత్తిరించినట్టు ఉంటుంది. గోడ నేలను తాకే సందులో ఎండా ఆకాశమూ రెండూ అందని సన్నని చీకటి గీత ఒకటి ఉంటుంది. భవనాన్ని నేలకు దించేది ఆ గీతే.

ఇప్పుడు ముందున్న వస్తువులు. కెమెరాకూ భవనానికీ మధ్య ఉన్న స్తంభాలు, తీగలు, వేపచెట్టు కొమ్మలు భవనం ముందు కనిపించాలి. వాటిని ఫొటో నుంచి వేరుచేసి పై పొరగా పెడతారు. కరెంటు తీగలను చెరిపేసి పని తేల్చుకోవడం చాలామంది చేసేదే. రోజూ ఆ రోడ్డున పోయేవారికి ఆ తీగలు తెలుసు. అవి లేని బొమ్మను వారు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆకుల సందుల్లో నుంచి ఇంతకు ముందు తెల్లని ఆకాశం కనిపించేది, ఇప్పుడు వెనక గోడ వచ్చింది. ఆకుల అంచుల్లో మిగిలిపోయిన ఆ తెలుపును తీయకపోతే కొమ్మ చుట్టూ సన్నని వెలుగు గీత మిగులుతుంది. వంద శాతం పెంచి చూస్తే మొదట పట్టుబడేది అదే.

చివరగా, ఫొటోకు ఉన్న లోపాలను భవనానికీ ఇవ్వాలి. కెమెరా లెన్సు అంత పదునైనది కాదు, సెన్సార్‌లో సన్నని గరుకు ఉంటుంది, ఫ్రేము మూలలు కాస్త మసకగా ఉంటాయి. రెండర్ చేసిన భవనంలో ఇవేమీ ఉండవు. అందుకే అది పక్కింటి కంటే పదునుగా నిలబడుతుంది. పక్కింటి కిటికీ అంచు ఎన్ని పిక్సెళ్ల మేర కరుగుతోందో చూసి అంతే మెత్తదనాన్ని, అంతే గరుకును చేర్చాలి. గోడలూ కాస్త లోకంలో ఉన్నట్టుండాలి. చుట్టూ ఉన్న ఇళ్ల మీద వాన చారలు, దుమ్ము ఉండగా ఇదొక్కటే మెరిసిపోతే కొత్తదనం కాదు, అబద్ధం కనిపిస్తుంది.

పూర్తయిన బొమ్మను పరీక్షించే తేలిక మార్గాలున్నాయి. బొమ్మను అద్దంలోలాగా ఎడమ కుడులు మార్చి చూస్తే అలవాటుపడ్డ కంటికి కనిపించని వాలు కనిపిస్తుంది. రంగు తీసేసి నలుపు తెలుపులో చూస్తే భవనంలోని నీడలు పక్కింటి నీడల కంటే ఎక్కువ తక్కువలుగా ఉంటే తేలిపోతుంది. పిట్టగోడ గీతను, రోడ్డు అంచును స్కేలుతో పొడిగించి అవి ఒకే చోట కలుస్తున్నాయో లేదో ఎవరైనా చూడవచ్చు. కాగితం మీద అచ్చేసిన ప్రకటనకు కూడా ఈ పరీక్ష సరిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ తప్పుదారి పట్టించే వీలు ఒకటి మిగులుతుంది. 24 మిల్లీమీటర్ల లెన్సుతో తీసిన ఫొటోను 36 సెంటీమీటర్ల వెడల్పున అచ్చేస్తే, దాన్ని 24 సెంటీమీటర్ల దూరం నుంచి చూసినప్పుడే అక్కడ నిలబడి చూసినట్టుంటుంది. అంత దగ్గరగా ఎవరూ చూడరు. చేయి చాచి చూస్తే రోడ్డు ఉన్నదానికంటే వెడల్పుగా, వెనకున్న భవనాలు దూరంగా, చిన్నగా అనిపిస్తాయి. బ్రిటన్‌లో ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు, అనుమతుల కోసం కొలతలతో సమర్పించే బొమ్మలకు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 50 మిల్లీమీటర్ల లెన్సును ప్రామాణికంగా కోరడానికి కారణం ఇదే. భవనం అందులో పట్టనప్పుడు వేరే లెన్సు వాడవచ్చు, వాడినట్టు చెప్పాలి. లండన్ నగరం ఇలాంటి బొమ్మలను స్థాయిలుగా కూడా విడదీసింది. సున్నా స్థాయి బొమ్మ భవనం చోటును, పరిమాణాన్ని మాత్రమే చూపుతుంది. మూడో స్థాయి బొమ్మలో గోడల సామగ్రి కూడా కనిపించాలి. కెమెరా చోటును, ఫొటోలోని గుర్తులను సర్వేయర్లు కొలిచి ఇస్తారు.

మన దగ్గర ఈ బొమ్మలు ఎక్కువగా కనిపించేది అమ్మకాల బ్రోషర్లలో. రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016 లోని 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోనో, ప్రాస్పెక్టస్‌లోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవారికి ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. కాబట్టి కొనేవారు అమ్మేవారిని నాలుగు సంగతులు అడగడం మేలు: ఫొటో ఎక్కడ నిలబడి తీశారు, ఏ లెన్సుతో, ఏ తారీఖున, ఏ సమయంలో. ఆ సమాధానాలు ఉంటే బొమ్మను ఎవరైనా సరిచూడవచ్చు. ఒక బొమ్మ ఒక్క క్షణాన్నే చూపుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. నవంబరు 3న ఉదయం 9 గంటలకు ఉత్తరపు ప్లాటులో తొమ్మిది మీటర్ల దాకా పోయిన నీడ జూన్ మధ్యాహ్నం ఆ వైపు అసలే పడదు. పక్కవారి ఇంటికి ఎండ అందుతుందా లేదా అన్నది తేలాల్సినప్పుడు డిసెంబరు, మార్చి, జూన్ నెలలకు విడివిడిగా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడలను ప్లాన్ మీద గీయించి, ఫొటోమాంటేజ్‌తో పాటు చూడాలి.